రేటు సంగతి తర్వాత, ముందు పలకండి

ప్రశ్న: అన్నగారూ, మాది తెనాలి. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగిస్తాం. నేను, తమ్ముడు, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, లెక్కలు చూసే మా మరదలు, అంతే మా సంస్థ. నిరుడు వెబ్‌సైట్ పెట్టించాం. అందులో ఫారం నింపి నెలకు ఇరవై, పాతికమంది అడుగుతున్నారు. పగలంతా డాబాల మీదే ఉంటాను కాబట్టి రాత్రి కూర్చుని ఒక్కొక్కరికీ వివరంగా కొటేషన్ చేసి మెయిల్లో పంపుతున్నా. ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా "చూసి చెబుతామండి" అంటారు. నెలకు ఒక్కటి కుదిరితే గొప్ప. మా రేటు ఊళ్లో చాలామంది కన్నా తక్కువే. ఇంకా తగ్గించమంటారా?

జవాబు: తగ్గించొద్దు తమ్ముడూ. కనీసం ఇప్పుడే వద్దు. రేటు నచ్చక పోతున్నారని మీరనుకుంటున్నారు గానీ, రెండు రోజులాగి రాత్రి పదింటికి మీరు పంపిన ఆ కొటేషన్‌ని చాలామంది తెరిచి కూడా ఉండరు. అది చేరేసరికి వాళ్ల డాబా మీద ఇంకొకరెవరో టేపు పట్టుకుని కొలతలు తీస్తూ ఉంటారు.

ఊహించి చెప్పడం లేదు, నాకు తగిలిన దెబ్బే ఇది. రాజమండ్రిలో మేమూ ఈ పనే చేసేవాళ్లం, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఒక శనివారం మధ్యాహ్నం ఒకాయన ఫారం నింపారు. ఆదివారం మాకు సెలవు. సోమవారం పదకొండింటికల్లా ప్యానెల్ బ్రాండు, ఇన్వర్టర్ వారంటీ, కేబుల్ మందంతో సహా నాలుగు పేజీల పీడీఎఫ్ ముచ్చటగా తయారుచేసి పంపి, ఓ గంటాగి ఫోన్ చేశా. ఆయన మర్యాదస్తుడు, నిజం చెప్పారు. "నిన్ననే ఒకబ్బాయి వచ్చి మేడ చూసి వెళ్లాడండి, అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. మీది ఎనిమిది వేలు తక్కువే పడేది, ఏం చేస్తాం, మాటిచ్చేశాం కదా" అన్నారు. ఎనిమిది వేలు తక్కువ చెప్పి మరీ పోగొట్టుకున్న బేరం అది. ఆ నాలుగు పేజీలు చేయడానికి నాకు పట్టిన రెండు గంటల్లో ఆ అబ్బాయి వెళ్లి మేడ ఎక్కి దిగి కాఫీ కూడా తాగి ఉంటాడు.

ఫారం ఎప్పుడు నింపుతారో ఒకసారి ఆలోచించండి. కరెంటు బిల్లు చేతికొచ్చిన రోజు, పక్కింటివాళ్లు ప్యానెళ్లు పెట్టించిన వారం, లేకపోతే రాత్రి అన్నం తిన్నాక మంచం మీద ఫోన్ పట్టుకున్నప్పుడు. ఆ కాసేపే ఆ వేడి ఉంటుంది. ఆ కూర్చున్న కాసేపట్లోనే మీ ఫారం ఒక్కటే కాదు, గూగుల్లో కనపడిన మరో మూడు ఫారాలు కూడా నింపుతారు. ఎవరు ముందు పలికితే వాళ్లతో మాట మొదలవుతుంది, ఒకసారి ఒకరితో మాట మొదలయ్యాక రెండోవాళ్లకి అదే కథ మళ్లీ చెప్పే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన ఒక వ్యాసం కోసం అమెరికాలో 2,241 కంపెనీలకు ఇలాగే వెబ్‌సైట్లో ఎంక్వైరీ పెట్టి చూస్తే 23 శాతం అసలు జవాబే ఇవ్వలేదట. గంటలోపు పలికింది 37 శాతమే. అంటే ఈ జబ్బు మీ ఒక్కరిదే కాదు, పెద్దపెద్ద కంపెనీలదీ ఇదే తంతు. ఇంకో లెక్క కూడా ఉంది అందులో, గంటలోపు పలకరించినవాళ్లకి, ఆ తర్వాత ఇంకో గంట ఆలస్యం చేసినవాళ్ల కన్నా అవతలి మనిషితో పనికొచ్చే సంభాషణ జరిగే అవకాశం ఏడు రెట్లు దాకా ఎక్కువని. గమనించండి, సంభాషణ అన్నారు, బేరం కుదరడం అనలేదు. బేరం కుదరాలంటే మీ పని, మీ రేటు, మీ మాట తీరు అన్నీ ఉండాలి. కానీ మాటే మొదలవకపోతే వాటిలో ఏదీ బయటికి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఆలస్యం చేస్తున్నది బద్ధకంతో కాదు, మొదటి జవాబే కొటేషన్ అయి ఉండాలని మీరు పెట్టుకున్న నియమం వల్ల. కొటేషన్ అంటే రాత్రి కూర్చోవాలి, లెక్కలు వేయాలి, టైప్ చేయాలి. మేడ చూడకుండా చేసే కొటేషన్ ఎలాగూ సగం ఊహే కదా, కొబ్బరిచెట్టు నీడ ఎటు పడుతుందో మీకెలా తెలుసు? కాబట్టి దాన్ని రెండో మెట్టుకి జరపండి. మొదటి జవాబు ఫోన్లో రెండు నిమిషాల్లో రాసే చిన్న మెసేజ్ చాలు. అందులో ఏముండాలో ఒక ఉదాహరణ మీద చెబుతాను.

ఫారం ఇలా వచ్చిందనుకోండి. పేరు రమేష్, ఊరు కొల్లిపర, ఫోన్ నంబరు, కింద మెసేజ్ గళ్లో "3 కిలోవాట్ రేటెంత? అమ్మానాన్న ఉంటారు. బిల్లు 2800 దాకా వస్తోంది" అని. మీరైతే "3 కిలోవాట్" ఒక్కటే చూసి కొటేషన్ మొదలుపెడతారు. మళ్లీ చదవండి. రమేష్ ఆ ఇంట్లో ఉండడు, అమ్మానాన్నల కోసం అడుగుతున్నాడు. డబ్బు పెట్టేది అతను కావచ్చు, మేడ మీద తిరిగేది పెద్దవాళ్లు. బిల్లు అంకె తనంతట తనే చెప్పాడంటే అది చూసి ఉలిక్కిపడి ఉంటాడు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి 2,800 అంటే ఏసీయో, బోరు మోటారో ఉండి ఉండాలి. రెండు లైన్లలో ఇంత ఉంది. ఇది చదివినట్టు మీ జవాబులో కనపడాలి, అదే ఆప్యాయత అంటే. తీపి మాటలు అక్కర్లేదు.

నేనైతే వాట్సాప్‌లో ఇలా పెడతా, మీ పేరు, మీ అంకెలు మీరు వేసుకోండి:

"రమేష్ గారూ, నమస్తే. తెనాలి నుంచి సోలార్ సురేష్‌ని. కొల్లిపరలో అమ్మానాన్నల ఇంటికి సోలార్ గురించి ఇప్పుడే మా వెబ్‌సైట్లో అడిగారు కదా. 2,800 బిల్లంటే నెలకు 350, 400 యూనిట్ల మధ్య వాడుతూ ఉంటారు, దానికి మీరనుకున్న 3 కిలోవాట్లు సరిపోవాలి. మా దగ్గర మొత్తం 1,90,000 నుంచి 2,20,000 మధ్య అవుతుంది, స్టాండు ఎంత ఎత్తు పెట్టాలన్న దాన్ని బట్టి ఆ తేడా. కేంద్రం సబ్సిడీ 78,000 తర్వాత వాళ్ల బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఒక్క సంగతి చెప్పండి, కరెంటు మీటరు నాన్నగారి పేరు మీదే ఉందా? వీలైతే బిల్లు ఫొటో పెట్టండి. రేపు పొద్దున పదింటికి అటువైపే వస్తున్నా, నాన్నగారికి కుదిరితే మేడ చూసి వెళ్తాను."

ఇందులో రేటు చెప్పేశాను చూడండి. చాలామంది "ఫోన్లో మాట్లాడుకుందాం సార్" అని దాటేస్తారు. రేటెంత అని అడిగినవాడికి రేటు చెప్పకపోతే వాడు ఇంకో సైటుకి పోతాడు, తప్పేముంది. అలాగని "1,90,000 నుంచి మొదలు" అని కింది అంకె ఒక్కటే చెప్పి ఊరించకండి. అవతలివాళ్ల మనసులో 1,90,000 అచ్చు పడిపోతుంది, రేపు మేడ చూసి 2,15,000 అంటే మోసం చేశారనుకుంటారు. రెండు చివర్లూ చెప్పి, తేడా ఎందుకో ఒక్క ముక్కలో చెప్పండి. మన వైపు మేడ అంటే బట్టలు ఆరేసుకోవాలి, వడియాలు పెట్టుకోవాలి, ఎండాకాలం రాత్రిళ్లు పడుకోవాలి. మూడు కిలోవాట్లకి సుమారు 300 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, అది మొత్తం ప్యానెళ్లకే ఇచ్చేస్తే అమ్మగారు ఊరుకోరు. అందుకే ఎత్తు స్టాండు అడుగుతారు, దానికి ఇనుము ఎక్కువ, ఖర్చు ఎక్కువ. ఈ మాట మొదటి మెసేజ్‌లోనే పడితే "వీళ్లకి మన ఇల్లు అర్థమైంది" అనుకుంటారు.

350, 400 యూనిట్లు అన్నానే, అది కూడా ఊరికే అనలేదు. కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు వేసుకుంటే మూడు కిలోవాట్లకి నెలకు 360 దాకా వస్తుంది, అతని వాడకానికి సరిపోతుంది. ఈ లెక్క మీకు నిద్రలో లేపి అడిగినా వచ్చు, కానీ అడిగినవాళ్లకి తెలియదు. తన అంకె మీద ఎవరో లెక్కవేసి చెప్పారంటే ఆ జవాబు తన కోసమే రాసిందని అతనికి తెలిసిపోతుంది. ఎవరికైనా పంపగలిగే జవాబుని ఎవరూ పట్టించుకోరు.

మీటరు ఎవరి పేరు మీద ఉందన్న ప్రశ్న ఉంది చూశారూ, మొత్తం మెసేజ్‌లో నాకు ఇష్టమైంది అదే. పల్లెల్లో చాలా ఇళ్ల మీటర్లు ఇంకా పోయిన తాతగారి పేరు మీదే ఉంటాయి. పీఎం సూర్యఘర్‌లో దరఖాస్తు ఆ కనెక్షన్ పేరు మీదే వెళ్తుంది, సబ్సిడీ ఆ పేరున్న ఖాతాకే రావాలి, పేర్లు కలవకపోతే ముందు కరెంటు ఆఫీసులో పేరు మార్పించుకోవాలి. అతనికి తెలియని చిక్కుని ముందే ఎత్తి చూపించారు మీరు. పైగా అది ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగే ప్రశ్న. "మీ అవసరాలు వివరంగా తెలపగలరు" అంటే ఎవడు రాస్తాడు? "నాన్న పేరు మీదేనా?" అంటే "అవునండి" అని తిరిగొస్తుంది. ఆ "అవునండి"తో మాట మొదలైనట్టే. ప్రశ్న ఒక్కటే ఉండాలి, ఆరు ప్రశ్నలు అడిగారా, ఒక్కదానికీ జవాబు రాదు. బిల్లు ఫొటో అడిగింది కూడా అందుకే. యూనిట్లు, లోడు, పేరు, సర్వీసు నంబరు అన్నీ అందులోనే ఉంటాయి, మళ్లీ అడగక్కర్లేదు.

చివరికి "రేపు పొద్దున పదింటికి". "వీలున్నప్పుడు చెప్పండి" అని వదిలేస్తే ఆ వీలు ఎప్పటికీ రాదు. మీరే ఒక సమయం చెబితే కుదరకపోయినా "పది కాదు, సాయంత్రం రండి" అంటారు. అయితే నిజంగా వెళ్లగలిగితేనే రాయండి. పదన్నాక పన్నెండింటికి వెళ్లారంటే ఆ మెసేజ్‌తో సంపాదించింది అక్కడే పోతుంది.

భాష గురించి ఒక మాట. అతను తెలుగులో రాస్తే తెలుగులో, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తే అలాగే, ఇంగ్లిషులో రాస్తే ఇంగ్లిషులో. "డియర్ సర్ ఆర్ మేడమ్, థ్యాంక్యూ ఫర్ యువర్ ఎంక్వైరీ" అని మొదలయ్యే మెసేజ్ మాత్రం ఎవరికీ పంపకండి. పేరు తెలిసినవాణ్ణి సర్ ఆర్ మేడమ్ అంటే అతని ఫారం మీరు చదవలేదని మీరే ఒప్పుకున్నట్టు.

మెసేజ్ పెట్టాక పది నిమిషాలకి ఫోన్ చేయండి, ముందు చేయకండి. ఇప్పుడు తెలియని నంబరు ఎవరూ ఎత్తడం లేదు, లోన్లు కావాలా అనేవాళ్ల పుణ్యం. మెసేజ్ ముందు వెళ్తే మీ పేరు, ఎందుకు చేస్తున్నారో అతనికి తెలిసి ఉంటుంది. "ఎత్తరు" అని మీరన్న దాంట్లో సగం ఇక్కడే తీరొచ్చు. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయకండి, ఒకే ఒక్కసారి.

మీరు పగలంతా డాబా మీదుంటారు కదా, ఇదంతా ఎవరు చేస్తారు అంటే, మీరు కాదు. పిట్టగోడ అంచున నిలబడి ఒక చేత్తో ఫోన్ చూడటం ఎలాగూ మంచిది కాదు. మీ మరదలు చేస్తారు. లెక్కలు చూసే మనిషికి బిల్లు చూసి యూనిట్లు చెప్పడం పెద్ద విషయం కాదు. ఒక ఆదివారం ఆవిడతో కూర్చుని, పాత ఎంక్వైరీలు పది తీసి, ఒక్కోదానికి ఏం రాయాలో ఇద్దరూ కలిసి రాయండి. బిల్లుని బట్టి ఎన్ని కిలోవాట్లు, ఎన్ని కిలోవాట్లకి ఎంత నుంచి ఎంత, సబ్సిడీ 1 కిలోవాట్‌కి 30,000, 2కి 60,000, 3 ఆపైన ఎంతైనా 78,000, ఇంతవరకూ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలు ఉంటాయి, "/" గీత కొట్టి ఒక ముక్క టైప్ చేస్తే దాచుకున్న మెసేజ్ వచ్చేస్తుంది. రేటు, సబ్సిడీ ముక్కలు అందులో దాచుకోండి. పేరు, ఊరు, వాళ్లన్న మాట మాత్రం ప్రతిసారీ చేత్తోనే రాయాలి. మా అబ్బాయి ఒకసారి మొత్తం కాపీ కొట్టి లక్ష్మి గారికి "ప్రసాద్ గారూ" అని పంపాడు. ఆవిడ "ప్రసాద్ గారికే బిగించండి" అని రాసింది. అంతే, బేరం చేజారిపోయింది.

మీ మరదలు చెప్పకూడనివి కూడా గోడకి అంటించిన ఆ కాగితం మీదే కింద రాయండి. మేడ చూడకుండా ఖచ్చితమైన రేటు చెప్పొద్దు. సబ్సిడీ ఫలానా తేదీకి పడుతుందని చెప్పొద్దు, అది మన చేతిలో లేదు, ముందు నెట్ మీటరు బిగించాలి, తనిఖీ జరగాలి, ఆ తర్వాత సంగతి. "బిల్లు సున్నా వస్తుంది" అని అస్సలు అనొద్దు. ఏసీ ఇంకోటి కొంటే రాదు, రానప్పుడు మీ పీకల మీదికి వస్తారు. తెలియని ప్రశ్న వస్తే "బావగారిని అడిగి సాయంత్రం ఆరులోపు చెబుతానండి" అనాలి, ఆరులోపు చెప్పాలి.

వేళలు కూడా పెట్టుకోండి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పావుగంటలోపు, రాత్రి వచ్చినవాటికి మర్నాడు పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య. రాత్రికి ఫారంతో పాటు ఆటోమేటిక్‌గా వెళ్లే మెసేజ్ ఒకటి పెట్టుకోవచ్చు, కానీ దాన్ని జవాబు కింద లెక్కేయకండి. "మీ మెసేజ్ చేరింది, రేపు పొద్దున ఎనిమిదిలోపు మా ఇంటి మనిషే మీతో మాట్లాడతారు" అని, అంతే, అందులో ప్రకటనలు పెట్టకండి.

తెనాలి చుట్టుపక్కల పిల్లలు ఎంతమంది అమెరికాలో ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫారంలో నంబరు +1తో మొదలైతే అది అమెరికా, కెనడా వైపుదని గుర్తుపెట్టుకోండి. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. మన పొద్దున ఏడంటే వాళ్లకి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, అన్నం తిని కూర్చునే వేళ. మిగతావాళ్ల కన్నా వీళ్లకి ముందు జవాబివ్వండి, తొమ్మిది దాటితే వాళ్లు పడుకునే హడావుడిలో ఉంటారు. వీళ్లకి మీరు మేడ ఎక్కినప్పుడు ఒక నిమిషం వీడియో తీసి పంపండి, నీడ ఎక్కడ పడుతోంది, మీటరు ఎక్కడుంది, నాన్నగారు ఏమన్నారు అని మాట్లాడుతూ. ఇల్లు వదిలి పదేళ్లయిన మనిషికి ఆ వీడియోలో ప్యానెళ్ల కన్నా పెరట్లో జామచెట్టే ముందు కనపడుతుంది. డబ్బు సంగతి కొడుకుతో, పని సంగతి నాన్నగారితో మాట్లాడండి. నాన్నగారిని పక్కనపెట్టి అన్నీ ఫోన్లోనే తేల్చేస్తే బిగించే రోజు ఆయనే అడ్డం పడతారు, ఇది నేను రెండుసార్లు చూశా.

జవాబు రాకపోతే? మర్నాడు సాయంత్రం ఒక చిన్న మెసేజ్, అది కూడా "చూశారా సార్" అని కాదు, ఏదో ఒకటి కలిపి పంపండి. ఉదాహరణకి అదే వైపు మీరు బిగించిన ఇంటి ఫొటో, ఆ ఇంటివాళ్లని అడిగి. మళ్లీ నాలుగైదు రోజులకి ఇంకొకటి. అప్పటికీ పలకకపోతే "ఇప్పుడు వీలు కాదేమో, ఇక ఇబ్బంది పెట్టను, ఎప్పుడు కావాలన్నా ఈ నంబరుకే మెసేజ్ పెట్టండి" అని ఆపేయండి. తమాషా ఏమిటంటే దీనికే ఎక్కువమంది పలుకుతారు, "లేదండి, ఊళ్లో పెళ్లి ఉండి కుదర్లేదు" అని.

అన్ని ఫారాలూ బేరాలు కావు, అది కూడా తెలుసుకోండి. మీ వెబ్‌సైట్ని గూగుల్లో మొదటి పేజీకి తెస్తామనేవాళ్లు, ప్రాజెక్టు వర్కు పిల్లలు, అవతలి షాపువాళ్లు రేటు తెలుసుకోడానికి పెట్టినవి, ఇవన్నీ ఉంటాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు, నెలకు 60 యూనిట్లు వాడేవాళ్లు కూడా అడుగుతారు. వాళ్లకి కూడా అంతే తొందరగా, "మీ వాడకానికి ఇప్పుడు ఇది పెట్టినా డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుందండి, ఏసీ పెట్టుకున్నప్పుడు చూద్దాం" అని చెప్పేయండి. ఒక నిమిషం పని.

ఇక రేటు తగ్గించాలా అన్న మీ ప్రశ్నకి జవాబు నేను కాదు, ఒక నోటుబుక్కు చెబుతుంది. ప్రతి ఫారానికి ఒక గీత. వచ్చిన టైము, మనిషి రాసిన మొదటి జవాబు వెళ్లిన టైము, తిరిగి పలికారా, మేడ చూశారా, కుదిరిందా. రెండు నెలలు రాయండి. పాతికమందిలో నలుగురే తిరిగి పలికారంటే లోపం ఆలస్యంలోనో మెసేజ్‌లోనో ఉంది, రేటు దాకా ఎవరూ రాలేదు. పదిహేనుమంది పలికి ముగ్గురి మేడలే చూశారంటే సమయం ఇవ్వడంలో తేడా ఉంది. పన్నెండు మేడలు ఎక్కి ఒక్కటే కుదిరిందంటే అప్పుడు కొటేషన్ తీసి చూద్దాం, రేటో, కట్టే పద్ధతో, లేకపోతే మేడ చూసొచ్చాక కొటేషన్ పంపడానికి మళ్లీ వారం తీసుకుంటున్నారో. మేడ చూసిన రోజు రాత్రికే కొటేషన్ పోవాలి, ఆ నాలుగు పేజీల పీడీఎఫ్‌కి చోటు అక్కడ.

వీటన్నిటికన్నా ముందు ఇవాళే చూడాల్సింది ఒకటుంది. మీ ఫారాలు అసలు మీకు అన్నీ చేరుతున్నాయా? పాతికమంది అడిగారు అన్నారు, నలభైమంది అడిగి పదిహేను స్పామ్‌లో పడ్డాయేమో ఎవరికి తెలుసు. చాలా సైట్లలో ఫారం మెయిల్ నింపినవాళ్ల సొంత జీమెయిల్ అడ్రసు నుంచే వచ్చినట్టు కనపడేలా పెడతారు. అది నిజంగా జీమెయిల్ నుంచి రాదు, మీ వెబ్‌సైట్ సర్వర్ నుంచి వస్తుంది, కాబట్టి అవతలివైపు దొంగ మెయిల్ అనుకుని స్పామ్‌లో పడేస్తారు, ఒక్కోసారి అసలు రానే రానివ్వరు. సైటు చేసిన కుర్రాడికి చెప్పండి, From దగ్గర మీ డొమైన్ అడ్రసు ఉండాలి, Reply-To దగ్గర నింపినవాళ్ల అడ్రసు ఉండాలి, మెయిల్ SMTP ద్వారా వెళ్లాలి అని. ఇంకో మాట, వర్డ్‌ప్రెస్‌లో Contact Form 7 వాడి ఉంటే అది వచ్చిన ఫారాలని దానంతట అది దాచిపెట్టదు, మెయిల్ పోతే ఎంక్వైరీ కూడా పోయినట్టే. Flamingo అనే ప్లగిన్ పక్కన పెట్టిస్తే అన్నీ సైటులోనే నిలిచి ఉంటాయి. ఫారంలో గళ్లు కూడా తగ్గించమనండి. పేరు, వాట్సాప్ నంబరు, ఊరు, నెల బిల్లు, ఏమైనా చెప్పాలంటే ఒక గడి, చాలు. మెయిల్ అడ్రసు తప్పనిసరి అన్న నక్షత్రం తీసేయండి, కొల్లిపరలో నాన్నగారికి మెయిల్ ఉండదు.

ఈ రాత్రి కొటేషన్లకి కూర్చోకండి. మీ ఆవిడ ఫోన్లోంచి, మీది కాని ఒక జీమెయిల్‌తో మీ ఫారం మీరే నింపండి, టైము రాసుకోండి. అది మీ మరదలి ఫోన్లో మోగేదాకా ఎంతసేపు పట్టిందో, అసలు మోగిందో లేదో చూసి నాకు రాయండి.